పడమటి గోడ మీద నెర్రెలు, తాపీ గీతలు, మచ్చలు, వెలిసిన రంగు: లప్పం పెట్టి రెండు కోట్లు వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: ఇల్లు కట్టి ఆరేళ్లయింది. మేడ మీద పడమటి గోడ, 25 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు. గోడ నిండా వెంట్రుకంత పగుళ్లు. మిట్టమధ్యాహ్నం తాపీ గీతలన్నీ లేచి కనిపిస్తాయి, సాయంత్రానికి కనపడవు. పోయినేడు సిమెంటు పూసి టచప్ చేయించిన చోట మచ్చలు తేలాయి. మామిడిపండు రంగు వేయించాం, ఇప్పుడు పాలిపోయింది. గోడంతా లప్పం పెట్టి రెండు కోట్లు కొడితే కొత్తదైపోతుందని పెయింటర్ అంటున్నాడు. చేయించమంటారా?

సమాధానం:

అలా చేయించకండి. మొదటి వేసవి దాటకముందే అవే పగుళ్లు లప్పంలోంచి మళ్లీ బయటికొస్తాయి. వైట్ సిమెంటు లప్పం గట్టిపడ్డాక సాగదు, కింది ప్లాస్టరింగ్ ఎక్కడ విడిపోతే అక్కడే అదీ చీలుతుంది. పైగా బయటి గోడ మీద లప్పం పొర ఒకసారి నీళ్లు పీల్చిందంటే పెచ్చులుగా లేస్తుంది.

చేయాల్సిన పని ఇది: గోడ కడిగి, డొల్ల ఉన్న చోట్లు కొట్టి పూడ్చాలి. కాస్త పెద్ద పగుళ్లను మాత్రమే తెరిచి సాగే ఫిల్లర్‌తో నింపాలి. గోడంతా ఒకేలా పీల్చుకునేలా ప్రైమర్ వేయాలి. ఆ పైన మందంగా కూర్చునే, సాగే గుణమున్న, మెరుపు లేని పెయింటు రెండు కోట్లు ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆగకుండా వేయాలి. రంగు కూడా మార్చాలి. అది ఎందుకో కింద చెప్తాను.

మీరు చెప్పిన నాలుగూ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ, మూడింటికి మూలం ప్లాస్టరింగ్ పైపొరలోనే ఉంది. రంగు వెలవడం ఒక్కటే పెయింటుకు సంబంధించినది. అందుకే పైపొర సంగతి తేల్చుకోకుండా డబ్బా మూత తీయొద్దంటాను.

ముందు పగుళ్ల సంగతి

అన్ని పగుళ్లూ ఒకటి కాదు. మీ గోడ మీద ఏవి ఉన్నాయో తెలియాలంటే పొద్దున్నే, ఎండ పడకముందు, పైపుతో గోడంతా తడిపి పావుగంట ఆగండి. గోడ పైపైన ఆరడం మొదలవుతుంది, పగుళ్లలోకి దూరిన నీళ్లు మాత్రం ఇంకా ఆరవు. అప్పుడు ప్రతి పగులూ ముదురు గీతలా పటం గీసినట్టు కనిపిస్తుంది. మామూలప్పుడు కంటికి ఆననివి కూడా బయటపడతాయి. ఆ సమయంలోనే ఒక ఫొటో తీసి ఉంచుకోండి. పెయింటర్‌తో ఎక్కడేం చేయాలో మాట్లాడుకోవడానికి అదే ఆధారం.

ఆ గీతలు చెరువు ఎండినప్పటి నేలలాగా గళ్లు గళ్లుగా, ఒక్కో గడి రెండు మూడు అంగుళాల నుంచి జానెడు దాకా ఉంటే అవి పైపొర నెర్రెలు. ఇవి ఎందుకొస్తాయంటే, ప్లాస్టరింగ్ చేసేటప్పుడు పైన నీళ్లు తేలితే త్వరగా ఆరడానికి మేస్త్రీలు పొడి సిమెంటు చల్లి ఇనుప తాపీతో రుద్దుతారు. దాంతో పైన ఒక మిల్లీమీటరు మేర సిమెంటు ఎక్కువైన పొర తయారవుతుంది. సిమెంటు ఎక్కువైన కొద్దీ ఆరేటప్పుడు ముడుచుకోవడం కూడా ఎక్కువ. కింద ఇసుక పాలెక్కువైన పొర అంతగా ముడుచుకోదు కాబట్టి పైపొర చీలుతుంది. పడమటి గోడకు తడిపే రోజుల్లో సాయంత్రపు ఎండ తగిలి, మరుసటి పూటకే ఎండిపోతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఇలాంటి నెర్రెలు ఇంటికి ప్రమాదం కాదు. ఆరేళ్లలో అవి విడవాల్సినంత విడిచేశాయి. ఇక ఎండకీ చలికీ కొద్దిగా తెరుచుకుని మూసుకోవడమే మిగిలింది.

నిలువుగానో అడ్డంగానో బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా పోయే గీత ఉంటే అది పిల్లరూ ఇటుక గోడా కలిసే చోటు, లేదంటే బీమ్ కింది అంచు. కాంక్రీటు ఎండకు సాగే తీరు వేరు, ఇటుక సాగే తీరు వేరు. ఆ అతుకు మీద ప్లాస్టరింగ్ కింద కోడి జాలీ వేయకపోతే ఈ గీత తప్పదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే గీత లింటెల్ దగ్గర ఒత్తిడి వల్ల వస్తుంది.

వెడల్పు కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. మామూలు జెరాక్స్ కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. ఏటీఎం కార్డు మందం 0.76. కాగితం అంచు కూడా దూరకపోతే అది అసలైన వెంట్రుక పగులు. కాగితాన్ని రెండు మడతలు పెట్టి నాలుగు పొరలు చేసినా దూరితే దాన్ని తెరిచి నింపాలి. ఏటీఎం కార్డు దూరితే అది వెంట్రుక పగులు లెక్కలోకి రాదు. అలాంటిది లోపలి గోడ మీద కూడా అదే చోట ఉంటేనో, పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేసి పెడితే రెండు నెలల్లో ఆ గీత విడిపోతేనో, పెయింటర్ని కాదు, ఇంజినీరును పిలవండి. పగులు వెంట గోధుమ రంగు మరక కారుతుంటే లోపల ఇనుము తుప్పు పడుతున్నట్టు. దాని మీద ఏ పెయింటు వేసినా దాచిపెట్టడమే అవుతుంది.

తర్వాత రూపాయి బిళ్లతో గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్న చోట టక్కుమంటుంది, ఇటుక నుంచి విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. అరచేయంత డొల్ల ఉండి, అంచులు గట్టిగా ఉంటే వదిలేయొచ్చు. అంతకన్నా పెద్దదైనా, నొక్కితే కదిలినా, ఆ ముక్క కోసి తీసి కొత్తగా గిలాబు చేయాలి. 1:5 సిమెంటు ఇసుకతో చేసి, వారం రోజులు తడిపి, పెయింటుకు ముందు కనీసం నాలుగు వారాలు ఆరనివ్వండి. ఈ నాలుగు వారాల మాట మచ్చల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

తాపీ గీతలు మధ్యాహ్నమే ఎందుకు కనిపిస్తాయి

మీరు గమనించిన ఈ విషయమే చాలా చెప్తోంది. మిట్టమధ్యాహ్నం దాటీ దాటగానే సూర్యుడు పడమటి గోడ మీదికి పైనుంచి దాదాపు గోడను రాసుకుంటూ వెలుగు పంపుతాడు. గోడతో వెలుతురు చేసే కోణం అయిదు డిగ్రీలుంటే, ఒక మిల్లీమీటరు ఎత్తున్న గీత కూడా పదకొండు మిల్లీమీటర్ల నీడ పరుస్తుంది. సాయంత్రం నాలుగింటికి సూర్యుడు గోడకు ఎదురుగా వస్తాడు, నీడ ఉండదు, గీతా కనపడదు. అంటే మీ గోడ మరీ వంకరగా ఏమీ లేదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తుపల్లాలే రోజుకు గంటో గంటన్నరో బయటపడుతున్నాయి. దక్షిణపు గోడకైతే ఇదే ఇబ్బంది పొద్దునా సాయంత్రం వస్తుంది.

ఈ గీతల్లో రెండు రకాలున్నాయి. ఒకటి నిజమైన ఎత్తు: తాపీ అంచు లాగిన చోట లేచిన గీత, బద్ద సరిగ్గా ఆడని చోట అల. రెండోది మెరుగు పెట్టినట్టు నున్నగా అయిన చోటు. అక్కడ ఇనుప తాపీని ఎక్కువసార్లు రుద్దడం వల్ల సిమెంటు పైకొచ్చి అద్దంలా బిగుసుకుంటుంది. వేలితో రాస్తే ఎత్తు తెలియదు గానీ చూపుకు ఆ చోటు వేరే రంగులా ఉంటుంది. బ్లేడుతో రూపాయి బిళ్లంత పెయింటు గీకి, బయటపడిన సిమెంటు మీద నీటి బొట్టు వేయండి. మామూలు చోట బొట్టు చూస్తుండగానే ఇంకిపోతుంది. నున్నబడిన చోట బొట్టు బొట్టుగానే నిలుస్తుంది. అక్కడ పెయింటుకు పట్టు తక్కువ, పైగా పెయింటులోని జిగురు లోపలికి ఇంకక పైనే ఉండిపోవడంతో కొంచెం మెరుస్తుంది కూడా.

రాత్రి పూట టార్చిని గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు పారించి, కనిపించిన గీతల చుట్టూ సుద్దతో గుర్తు పెట్టుకోండి. పగలు పరంజా ఎక్కినప్పుడు పెయింటర్‌కు ఎదురు వెలుతురులో అవి కనిపించవు, అందుకని ఈ గుర్తులు కావాలి. లేచిన గీతల్ని కార్బొరండం రాయితో రుద్ది అణచాలి. నున్నబడిన చోట్లను 80 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేయాలి. గుంటలుంటే అక్కడికక్కడ, బయటి గోడలకు తయారయ్యే పాలిమర్ కలిసిన పుట్టీని ఒక్కో పూతకు ఒకటిన్నర మిల్లీమీటరుకు మించకుండా పెట్టి, ఆరాక తడి స్పాంజి తిప్పి చుట్టూ ఉన్న గరుకుతో కలపాలి. గరుకు గోడ మధ్య నున్నటి అతుకు పెడితే, తాపీ గీత పోయి అతుకు కనిపించడం మొదలవుతుంది. అదే తేడా.

గీతలు గోడంతా ఉంటే ఒక్కొక్కటీ వెంటాడటం దండగ. పైన వేసే పెయింటునే ఎంచుకోవాలి. మెరుపున్న పెయింటు ప్రతి అలనూ రెండింతలు చేసి చూపిస్తుంది. మెరుపు లేనిది, పొడవు నూలు రోలర్‌తో సన్నటి గరుకు వచ్చేలా వేస్తే, వెలుతురు చెదిరిపోయి మధ్యాహ్నపు నీడలు చాలా వరకు మెత్తబడతాయి. పూర్తిగా మాయమవుతాయని మాత్రం అనుకోకండి. అద్దంలా చదునైన గోడ కావాలంటే ప్లాస్టరింగ్ మళ్లీ చేయించాల్సిందే, దానికి ఖర్చు పెట్టేంత అవసరం మీ గోడకు కనపడటం లేదు.

మచ్చలు

టచప్ చేసిన చోట్లే మచ్చలున్నాయి కాబట్టి మీ విషయంలో కారణాలు రెండు. సిమెంటు పూసిన చోట పెద్ద కారణం క్షారం. కొత్త సిమెంటులో సున్నపు ఘాటు చాలా ఎక్కువ. తడి ఆరకముందే రంగు వేస్తే కొన్ని రంగు పదార్థాలు ఆ ఘాటుకు విరిగి తెల్లబారతాయి. పసుపు, ఎరుపు ఛాయల్లో కొన్నిటికి ఇది మరీ ఎక్కువ. పైన చెప్పిన నాలుగు వారాలు ఇందుకే. మరుసటి రోజే రంగు కొట్టి ఉంటే మచ్చ రావడంలో వింతేమీ లేదు.

రెండోది పీల్చుకునే గుణంలో తేడా. పాత పెయింటు మీద కొత్త పెయింటు పైనే నిలుస్తుంది. ప్రైమర్ లేని సిమెంటు అతుకు మీద దాని జిగురు లోపలికి ఇంకిపోయి, రంగు పొడిబారి మట్టిగా కనిపిస్తుంది. డబ్బా ఒకటే, రంగు ఒకటే, అయినా అతుకు అతుకులాగే ఉంటుంది. దీనికి తోడు పాత గోడ అయిదేళ్ల ఎండకు వెలిసి ఉంటుంది కదా, దాని మధ్య కొత్త రంగు చుక్క పెడితే ఎలా కలుస్తుంది?

మచ్చ దగ్గర తెల్లటి పొడి తేలి, వేలితో తుడిస్తే పోయి, వారానికల్లా మళ్లీ వస్తుంటే అది ఉప్పు పొంగు. అప్పుడు సంగతి వేరు. గోడలోకి ఎక్కణ్నుంచో నీళ్లు వస్తున్నాయి. ఇది తేల్చుకోవడానికి గజంలో సగమంత, అంటే 18 అంగుళాల చదరపు పాలిథీన్ కాగితాన్ని సాయంత్రం గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, పొద్దున విప్పి చూడండి. లోపలి వైపు నీటి బిందువులు పడితే గోడలో తేమ ఉన్నట్టే. పిట్టగోడ పైభాగం, స్లాబ్ అంచు, గోడ అవతల బాత్రూమ్, పైపు అతుకులు వరుసగా చూడాలి. తేమ ఆపకుండా సాగే పెయింటు అసలు వేయొద్దు. ఆ మందపు పొర బయటి నీటిని ఎంత బాగా ఆపుతుందో, లోపలి నీటిని బయటికి పోనివ్వడంలో అంత బద్ధకిస్తుంది. లోపలి తేమ పొర వెనక చేరి బుడగలు లేపుతుంది.

ఇంకో రకం మచ్చ గురించి ముందే చెప్పి ఉంచుతాను, ఎందుకంటే కొత్త పని అయ్యాక అది కనపడి చాలామంది పెయింటు పాడైందనుకుంటారు. ముదురు రంగు వేసిన మొదటి వారం పది రోజుల్లో మంచు గానీ చిన్న వాన గానీ పడితే గోధుమ రంగులో జిగటగా, నత్త పాకినట్టు చారలు దిగుతాయి. పెయింటు నీళ్లలో కలిసేందుకు వాడే సబ్బు లాంటి పదార్థాలు పైకి తేలడం వల్ల వచ్చేవి ఇవి. మంచి నీళ్లతో కడిగితే పోతాయి, మళ్లీ కోటు వేయనవసరం లేదు.

రంగు వెలిసింది అంటే ఏం వెలిసింది

నల్లటి పొడి గుడ్డ తీసుకుని గోడ మీద నాలుగు అంగుళాలు గట్టిగా రాయండి. గుడ్డకు పసుపు తెలుపు కలిసిన పొడి దండిగా అంటితే పెయింటులోని జిగురు ఎండకు చచ్చిపోయి, రంగు రేణువులు వదులుగా మిగిలాయన్నమాట. దీని మీద నేరుగా ఎంత ఖరీదైన పెయింటు వేసినా పొడి మీద వేసినట్టే, ఏడాదికి పొట్టులా లేస్తుంది. గుడ్డ శుభ్రంగా ఉండి రంగు మాత్రం పాలిపోతే, జిగురు బాగానే ఉంది, రంగు పదార్థం విరిగింది. సన్‌షేడ్ కింద, లైటు బిగించిన పళ్లెం వెనక అసలు రంగు మిగిలి ఉంటుంది. దానితో పోల్చి చూస్తే ఎంత పోయిందో అర్థమవుతుంది.

మామిడిపండు పసుపు లాంటి మెరిసే ఛాయలు సాధారణంగా కర్బన రంగులతో వస్తాయి. అవి అతినీల కిరణాలకు తట్టుకోవడం తక్కువ, అందులోనూ తెల్ల బేస్‌లో కొద్ది పాళ్లలో కలిపినప్పుడు ఇంకా త్వరగా వెలుస్తాయి. ఇనుము ఆక్సైడుతో వచ్చే రంగులు అలా కావు. గేరు ఎరుపు, కావి, పసుపుమట్టి రంగు, ఇసుక రంగు, బూడిద ఇవన్నీ ఎండలో ఏళ్ల తరబడి నిలుస్తాయి. మట్టికి ఆ రంగులిచ్చేది కూడా ఇనుము ఆక్సైడే. షాపులో రంగు కలిపే ముందు ఆ ఛాయలో ఏయే రంగు పేస్టులు పడతాయో అడగండి. పసుపు ఆక్సైడు, ఎరుపు ఆక్సైడు, నలుపుతోనే తేలే ఛాయను ఎంచుకోండి. మామిడి పసుపుకు దగ్గరగా కావాలంటే పసుపుమట్టి వైపు జరగాలి, కాస్త మెరుపు తగ్గినా అది నిలుస్తుంది.

ఛాయ లేతగా ఉంటే పగుళ్ల వైపు నుంచి కూడా లాభం ఉంది. ముదురు గోడ ఎక్కువ వేడెక్కుతుంది. సిమెంటు ప్లాస్టరింగ్ ఒక్కో డిగ్రీకి మీటరుకు దాదాపు వందో వంతు మిల్లీమీటరు సాగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న గోడ మే నెల సాయంత్రం 55కు చేరితే, అడ్డేమీ లేకపోతే మూడు మీటర్ల పొడవు దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. ఇటుకకు అతుక్కుని ఉంది కాబట్టి అంతా సాగదు, కానీ ఆ ఒత్తిడంతా వెళ్లి ఉన్న పగుళ్ల దగ్గరే తేలుతుంది. లేత రంగు వేస్తే ఈ ఊపు తగ్గుతుంది.

ఇప్పుడు పని, మీ గోడ లెక్కలోనే

మొత్తం 300 చదరపు అడుగులు. ముందు గట్టి బ్రష్‌తో, నీళ్లతో పొడి రావడం ఆగేంతవరకు కడగండి. నాచు నల్లగా ఉన్న చోట ఇంట్లో వాడే బ్లీచింగ్ ద్రావణం ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు కలిపి పూసి, పావుగంట ఆగి కడిగేయాలి. దాంతో యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. కడిగాక కనీసం రెండు మంచి ఎండలు ఆరనివ్వండి.

కాగితం నాలుగు పొరలు దూరిన పగుళ్లను మాత్రమే బ్లేడు మూలతో ఆంగ్ల అక్షరం వి ఆకారంలో, పైన నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు తెరవండి. దుమ్ము బ్రష్‌తో ఊడ్చి, పగుళ్ల ప్రైమర్ లేదా పలచని ప్రైమర్ అద్ది, అక్రిలిక్ క్రాక్ ఫిల్లర్ పేస్టును లోపలికి నొక్కుతూ నింపండి. ఆరేటప్పుడు కొంచెం దిగుతుంది, మరుసటి రోజు రెండోసారి పెట్టాలి. ఈ పని పొద్దున చల్లటి వేళ చేయించండి. చల్లగా ఉన్నప్పుడు గోడ ముడుచుకుని పగులు పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. అప్పుడు నింపితే మధ్యాహ్నం ఫిల్లర్ నొక్కుకుపోతుందే గానీ లాగబడదు. ఎండలో మూసుకుపోయిన పగులును నింపితే రాత్రి అదే విడిపోతుంది.

ఫిల్లర్ ఎంత కావాలో కూడా లెక్క కట్టుకోవచ్చు. తెరిచిన పగుళ్లు అన్నీ కలిపి నలభై అడుగులు, అంటే 12 మీటర్లనుకుందాం. ఆ గాడిలో పట్టేది దాదాపు 100 మిల్లీలీటర్లు. రెండోసారికీ వృథాకీ కలిపినా ఒక కిలో డబ్బాకు మించి పట్టదు. ఒకటి రెండు సంచులు పుట్టీ తెమ్మన్నారంటే మళ్లీ గోడంతా రాయబోతున్నారని అర్థం.

పిల్లర్ పక్కన తిన్నగా పోయే గీత ఉంటే ఫిల్లర్ ఒక్కటీ ఆగదు. నింపాక దాని మీద సాగే పెయింటే చిక్కగా ఒక పూత పూసి, తడిగా ఉండగానే నాలుగంగుళాల ఫైబర్ జాలీ పట్టీ అద్ది, పైన ఇంకో పూత వేయాలి. అప్పటికీ రెండేళ్లకు మళ్లీ తేలితే, గీతకు రెండు వైపులా ఆరంగుళాల చొప్పున ప్లాస్టరింగ్ తీసి, జాలీ మేకులతో బిగించి, కొత్తగా చేయించడమే దారి.

తర్వాత బయటి గోడల ప్రైమర్, క్షారాన్ని తట్టుకునేది, గోడంతా ఒక కోటు. మూడు నాలుగు లీటర్లు చాలు. అతుకులూ, ఫిల్లరూ, గరుకు చేసిన చోట్లూ ఉన్న చోట ముందుగా ఒకసారి విడిగా అద్ది, ఆరాక గోడంతా వేయాలి. ప్రైమర్ ఆరిన గోడను దూరం నుంచి చూడండి. అక్కడక్కడా నీరసంగా, పొడిగా కనిపిస్తే ఆ చోట్లు ఇంకా పీల్చుతున్నాయి, అక్కడ ఇంకో పూత కావాలి. మచ్చల్ని ఈ దశలోనే పట్టుకోవాలి, రంగు వేశాక పట్టుకోలేం.

ఇక పెయింటు. మామూలు ఎమల్షన్ లీటరుకు రెండు కోట్లు 55 అడుగుల లెక్కన వేస్తే ఆరిన పొర మందం 70, 80 మైక్రాన్లు, అంటే జెరాక్స్ కాగితం కన్నా తక్కువ. పగులు కింద 0.1 మిల్లీమీటరు కదిలినా ఆ పొర తెగుతుంది. ఎందుకంటే పొర రెండు వైపులా గోడకు అతుక్కుని ఉంటుంది, సాగే అవకాశం పగులు నోటి మీద ఉన్న కాస్త భాగానికే. పొర మందమైతే ఆ లాగుడు ఇటూ అటూ పంచుకుంటుంది. అందుకే ఎలాస్టోమెరిక్ అనే ఈ సాగే పెయింటును 250 మైక్రాన్లు ఆరిన మందం వచ్చేలా వేయాలి. దానికి లీటరుకు రెండు కోట్లు కలిపి దాదాపు 20, 21 అడుగులే వస్తుంది. మీ గోడకు 14, 15 లీటర్లు పడుతుంది. అసలు కీలకం ఇక్కడుంది: పెయింటర్ అలవాటుగా నీళ్లు దండిగా కలిపి అదే 15 లీటర్లతో 450 అడుగులు లాగించాడంటే మందంలో మూడో వంతు పోయినట్టే, పగుళ్లను దాటించే శక్తి కూడా ఆ మేరకు పోతుంది. డబ్బా మీద చెప్పిన నీళ్లకు మించి కలపనివ్వొద్దు. పని అయ్యాక ఎన్ని లీటర్లు ఖర్చయిందో చూస్తే మందం తెలిసిపోతుంది.

డబ్బాలన్నీ ఒకేసారి కొని, తెరిచి ఒక పెద్ద డ్రమ్ములో పోసి కలిపేయండి. ఒకే నంబరు రంగైనా డబ్బాకూ డబ్బాకూ వీసమెత్తు తేడా ఉంటుంది. గోడ మధ్యలో డబ్బా మారితే అక్కడ గీత పడుతుంది. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పైనా ఒకరు కిందా, మూడడుగుల నిలువు పట్టీలుగా, ముందు పట్టీ అంచు తడి ఆరకముందే రెండో పట్టీ కలుపుతూ పోవాలి. అంచులు బ్రష్‌తో ముందే అన్నీ కొట్టేసి, రెండు గంటల తర్వాత మధ్యలో రోలర్ వేస్తే చుట్టూ ఫ్రేమ్ కట్టినట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనానికి గోడ సగంలో ఆపొద్దు. ఆపాల్సొస్తే మూల దగ్గరో, నీళ్ల పైపు వెనకో ఆపాలి.

పడమటి గోడ కాబట్టి పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా ఒక కోటు ముగించాలి. అరచేయి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉన్న గోడ మీద పెయింటు పైన చర్మం కట్టేసి లోపల పచ్చిగా ఉండిపోతుంది, రోలర్ గీతలు కూడా అలాగే నిలుస్తాయి. కాలం విషయానికొస్తే తెలంగాణలో, ఉత్తర కోస్తాలో వానలు తగ్గాక నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువు. నెల్లూరు, ప్రకాశం వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడతాయి కాబట్టి జనవరి మధ్య నుంచి మొదలుపెట్టుకోవాలి. మంచు ఎక్కువగా పడే రోజుల్లో సాయంత్రం కోటు వద్దు.

ఇదంతా సిమెంటు ప్లాస్టరింగ్ గురించి. చదివేవాళ్లలో గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్లవాళ్లుంటే ఈ పద్ధతి వాళ్లకు పనికిరాదు. ఆ గోడలు తేమను పీల్చి వదులుతూ బతుకుతాయి. వాటి మీద సాగే పెయింటు, సిమెంటు పుట్టీ రెండూ వద్దు. నెర్రెల్ని సన్నటి ఇసుక కలిపిన సున్నపు ముద్దతో నింపి, పలచటి సున్నం మూడు నాలుగు పూతలు వేయాలి.

కలిపిన పెయింటులో ఒక లీటరు మూత బిగించి, గోడ పేరూ తేదీ రాసి నీడలో దాచండి. మొదటి ఆరు నెలల్లో గీత పడితే దానితో సరిచేయొచ్చు. అప్పుడు కూడా బ్రష్‌తో అద్దకుండా, మొదట వాడిన రోలర్ లాంటి దానితోనే, అంచులు పలచబడేలా వేయాలి. రెండేళ్లు దాటాక మాత్రం ఆ డబ్బా రంగు గోడతో కలవదు. చిన్న చోటైనా మూల నుంచి మూల దాకా ఒక కోటు వేయించుకోండి. వచ్చే వేసవి అయ్యాక గోడను మళ్లీ తడిపి, మీరు తీసి ఉంచుకున్న ఫొటో పక్కన పెట్టి చూడండి. ఏ పగుళ్లు తిరిగి తేలాయో, ఎక్కడ జాలీ అవసరమో అందులోనే తెలుస్తుంది.